పల్ప్ ఫ్యాక్టరీతో మొదటి కాల్: ఏం అడగాలి, ఏ వరసలో అడగాలి?

తిరుచానూరు_తమ్ముడు
అందరికీ నమస్కారం. తిరుపతిలో మాది చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. కాటా దగ్గర బిల్లింగు, గేటు టోకెన్లు, కెమెరాలు, ఇవే మేము అమ్మేవి. చిత్తూరు అవతల ఒక మామిడి పల్ప్ ఫ్యాక్టరీ మేనేజర్ గారు ఫోన్ చేసి, "లారీలకు టోకెన్ యాప్ కావాలి, డెమో చూపించి రేటు చెప్పండి" అన్నారు. మంగళవారం పొద్దున 11 గంటలకు అరగంట టైమిచ్చారు. డెమో సంగతి తర్వాత చూద్దాం, ముందు వాళ్ల ఇబ్బందేమిటో కనుక్కో అంటున్నారు మా సార్. కూర్చుని 24 ప్రశ్నలు రాసుకున్నాను. రోజుకు ఎన్ని లోడ్లు, కాటాలెన్ని, ఇప్పుడేం వాడుతున్నారు, సిబ్బంది ఎంతమంది, బడ్జెట్ ఎంత, ఇలా పోతుంది జాబితా. వీటిని ఏ వరసలో అడగాలో, ఏవి తీసేయాలో చెప్తారా?

పలమనేరు_ఎక్స్‌ప్రెస్
తమ్ముడూ, ఒక్కటే రూలు. అవును, కాదు అని జవాబొచ్చే ప్రశ్న నోట్లోంచి రాకూడదు. అన్నీ "ఏమిటి, ఎలా, ఎప్పుడు" అని మొదలుపెట్టు. మా కంపెనీ ట్రైనింగులో మూడు రోజులు ఇదే నూరిపోశారు. ప్రశ్న ఓపెన్‌గా ఉంటే మనిషి ఆటోమేటిగ్గా ఓపెన్ అయిపోతాడు. ఇంకోటి, రేటు మాత్రం చచ్చినా చెప్పకు. చెప్పావో, అక్కడితో కాల్ అయిపోయినట్టే.

మిట్టూరు_మామ
ఈ రోజుల్లో ఫోన్ ఎత్తేదెవరు నాయనా? ట్రూకాలర్‌లో ఎర్రగా కనిపిస్తే కట్ చేసేస్తారు. నేను ఇన్సూరెన్స్ చేస్తాను, పది చేస్తే ఒకరు ఎత్తడం గగనం. ముందు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టు.

తిరుచానూరు_తమ్ముడు
మామా, ఇది మనం తెలియని వాళ్లకు చేసే కాల్ కాదు. ఆయనే అడిగి టైమిచ్చారు. ఎత్తిన తర్వాత ఏం మాట్లాడాలన్నదే నా టెన్షన్.

గాజులమండ్యం_గేటు
ఈ జిల్లాలో పల్ప్ ఫ్యాక్టరీలకు, డెయిరీలకు కాటా సామాను చాలా ఏళ్లుగా అమ్ముతున్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తా.

నీ 24లో సగం పైన లెక్కల ప్రశ్నలు. లోడ్లెన్ని, కాటాలెన్ని అన్నది ఫ్యాక్టరీ గేటు ఎదురుగా టీ బంకులో అరగంట కూర్చుంటే తెలుస్తుంది. అవన్నీ వరసగా అడిగితే మేనేజర్‌కు జనాభా లెక్కల వాళ్లు వచ్చినట్టుంటుంది. ఆయన సమయం పోతుంది, లాభం నీకొక్కడికే. కాల్‌లో అడగాల్సింది ఆయన చెప్తే తప్ప నీకు తెలియనిది మాత్రమే.

పలమనేరు తమ్ముడు చెప్పింది సగం నిజం. నీల్ రాక్‌హామ్ అనే ఆయన బృందం 35 వేలకు పైగా సేల్స్ కాల్స్‌ను గమనించింది. ప్రశ్న ఓపెన్‌గా ఉందా, క్లోజ్డ్‌గా ఉందా అన్నదానికీ కాల్ ఫలించడానికీ వాళ్లకు సంబంధమేమీ కనబడలేదు. అవును, కాదు అనే ప్రశ్నకు కూడా జనం ఐదు నిమిషాలు చెప్తారు. "మీ సమస్యలేమిటి?" అని ఎంత ఓపెన్‌గా అడిగినా "పెద్దగా ఏం లేవండీ, యాప్ ఉంటే చాలు" అనేసి ఊరుకోవచ్చు. తేడా వచ్చేది ప్రశ్న దేని గురించి అన్న దగ్గర. ఓపెన్ ప్రశ్న అక్కరలేదని కాదు. దాన్ని జరిగిపోయిన ఒక రోజుకు, ఒక లోడుకు కట్టెయ్యాలి. "సాధారణంగా ఎలా జరుగుతుంది?" అంటే జరగాల్సిన పద్ధతి చెప్తారు. "నిరుడు బాగా ఇబ్బంది పడ్డ రోజు ఏం జరిగింది?" అంటే జరిగింది చెప్తారు.

నేను చేసిన ఒక కాల్ చెప్తా. అదీ పల్ప్ ఫ్యాక్టరీయే, వాళ్లూ టోకెన్ యాప్ అనే అడిగారు.

మొదట, "సార్, అరగంట అనుకున్నాం కదా. ఇరవై నిమిషాలు మీ యార్డు గురించి వింటాను. తర్వాత నాకు అర్థమైంది మీకు చెప్తాను, తప్పుంటే దిద్దండి. మాతో పని జరిగేట్టు లేకపోతే అదీ ఈరోజే చెప్పేస్తాను, సరేనా?" అన్నాను. సరే అన్నారు. ఇక్కడికి రెండు నిమిషాలు.

తర్వాత, "నిరుడు సీజన్‌లో లైను బాగా పెరిగిపోయిన రోజు ఒకటి గుర్తు చేసుకోండి. పొద్దున గేటు తీసినప్పటి నుంచి ఏం జరిగింది?" అన్నాను. ఆయన జూలైలో ఒక సోమవారం చెప్పారు. మధ్యాహ్నానికే లారీలు, ట్రాక్టర్లు హైవే మీదికి వచ్చేశాయట, పోలీసులు వచ్చి అరిచారట. ఇక్కడ చాలామంది "చూశారా, మా టోకెన్ ఉంటే..." అని దూకుతారు. నేను "కాటా దాటాక ఆ బండి ఎక్కడికి పోయింది?" అన్నాను. దించే చోటికి పోయిందన్నారు. "అక్కడ?" అన్నాను. అప్పుడు బయటపడింది అసలు సంగతి.

సూపర్‌వైజర్ కాయ చూసి, మచ్చ ఉంది, పిందె ఉంది అని తరుగు చెప్తాడు. రైతు ఒప్పుకోడు. సూపర్‌వైజర్‌కు తగ్గించే అధికారం లేదు, మేనేజర్‌కూ లేదు. ఓనర్‌కు ఫోన్ చేయాలి. ఆయన ఉండేది చెన్నైలో, మీటింగులో ఉంటే ఎత్తరు. ఎత్తేదాకా బండి అక్కడే నిలబడి ఉంటుంది. దించితే గానీ ఖాళీ బండి తూకం వెయ్యలేరు, అది కదిలితే గానీ వెనకది రాలేదు.

ఇప్పుడు లెక్కలడిగాను, ఇవన్నీ క్లోజ్డ్ ప్రశ్నలే. ఆ రోజు 60 లోడ్లు. దించే చోట్లు రెండు. గొడవ లేని బండికి అరగంట. గొడవ పడ్డవి ఎనిమిది, ఒక్కోటి గంట పైనే నిలబడింది. అంటే రెండు చోట్లా కలిపి 30 గంటల పనికి ఇంకో 8 గంటలు కలిశాయి. 15 గంటల్లో అయిపోవాల్సిన యార్డు 19 గంటలు నడిచింది. నేను ఈ లెక్క పైకి చదివితే ఆయనే, "అంటే గేటు దగ్గర మాకు ఇబ్బందే లేదన్నమాట" అన్నారు. ఆ మాట ఆయన నోటి నుంచి రావాలి. నేనంటే వాదనయ్యేది.

టోకెన్ ఇస్తే ఏమవుతుంది? లైను హైవే మీద నుంచి, కాయ పోగుచేసి లోడు ఎత్తే ర్యాంపు దగ్గరికి మారుతుంది, అంతే.

తిరుచానూరు_తమ్ముడు
అన్నా, నేనైతే "అంతసేపు నిలబడితే కాయ పాడైపోతుంది కదా సార్, ఎంత నష్టం?" అని అడుగుదామనుకున్నాను. నష్టం వాళ్ల చేతే చెప్పించాలంటారు కదా.

పుత్తూరు_అక్క
బాబూ, ఆ ప్రశ్న అడిగావంటే నీకు పల్ప్ తెలీదని అక్కడే తేలిపోతుంది. తోతాపురి ఫ్యాక్టరీకి ఎక్కువగా పచ్చిగానే వస్తుంది. దించాక కొన్ని రోజులు మాగబెట్టి అప్పుడు గుజ్జు తీస్తారు. నాలుగు గంటలు లారీలో ఉంటే పచ్చికాయకు ఏమీ కాదు. నేను ఒక ఫ్యాక్టరీ కొనుగోలు విభాగంలో చేశాను. మాకు నొప్పి వేరే చోట. లారీ వాళ్లు హాల్టింగ్ బాడుగ అడుగుతారు, ఇంకో రోజు ఆ ర్యాంపు వాళ్లు లోడు పక్క ఫ్యాక్టరీకి తిప్పేస్తారు. మాగబెట్టే షెడ్డులో ఆ రోజు రావాల్సిన కాయ రాకపోతే ఐదారు రోజుల తర్వాత గుజ్జు తీసే లైను ఖాళీగా నడుస్తుంది. నష్టం ఏమిటో నువ్వు ఊహించి చెప్పొద్దు. "ఆ రోజు అలా అయినందుకు తర్వాత వారం మీకేమైనా తేడా కనిపించిందా?" అని అడిగి వదిలెయ్. ఇది అవును, కాదు ప్రశ్నే, అయినా వాళ్లు చెప్పుకుంటూ పోతారు.

"ఎందుకు" అన్న మాట కూడా కాస్త చూసుకుని వాడు. "సూపర్‌వైజర్‌కు అధికారం ఎందుకివ్వలేదు?" అంటే మేనేజర్‌కు తనను నిలదీసినట్టుంటుంది. వెంటనే యాజమాన్యాన్ని వెనకేసుకొస్తాడు, నీకు దొరికేది ఆ సమర్థింపే. "ఈ పద్ధతి ఎప్పటి నుంచి వచ్చింది?" అంటే కథ చెప్తాడు. మా దగ్గర ఒక ఏడాది సూపర్‌వైజర్ ఒకడు తనవాళ్ల లోడ్లకు తరుగు తక్కువ వేశాడు. అప్పటి నుంచి అధికారం ఓనర్ చేతిలోకి పోయింది. ఆ కథ తెలియని వాళ్లు ఏ సాఫ్ట్‌వేర్ అమ్మినా అది మా దగ్గర మూలన పడేది.

లాడ్జి_కౌంటర్
కొనేవాడి వైపు నుంచి ఒక మాట. నాకు తిరుపతి రైల్వే స్టేషన్ దగ్గర లాడ్జి. రూమ్ బుకింగ్ సాఫ్ట్‌వేర్ అని వారానికొకడు ఫోన్ చేస్తాడు. "సార్, మీ పెయిన్ పాయింట్స్ ఏంటి?" అంటాడు. నా పెయిన్ పాయింట్ నువ్వేనయ్యా అనాలనిపిస్తుంది. ముక్కూ మొహం తెలియని వాడికి నా వ్యాపారంలో లోపాలు నేనెందుకు చెప్పుకోవాలి?

ఒక్క అమ్మాయి మాత్రం, "పోయిన శనివారం రాత్రి కౌంటర్లో ఎవరున్నారు సార్? రూములు నిండాక వచ్చినవాళ్లకు ఏం చెప్పారు?" అని అడిగింది. శనివారం కొండకు వచ్చే జనం సంగతి తెలుసు కదా. ఆ రాత్రి ఆన్‌లైన్‌లో ఒకరికి, కౌంటర్లో ఇంకొకరికి ఒకటే రూము ఇచ్చేశాడు మా కుర్రాడు. చిన్నపిల్లలతో వచ్చిన కుటుంబం, అర్ధరాత్రి వాళ్లకు వేరే చోట డబల్ రేటుకు రూము చూసిపెట్టాను. ఆ అమ్మాయికి ఇరవై నిమిషాలు చెప్పాను, నాకే తెలియకుండా.

కానీ పలమనేరు ఆయన అన్నట్టు రేటు చెప్పకుండా సాగదీస్తే నేను ఫోన్ పెట్టేస్తాను. అది మాత్రం ఖాయం.

పలమనేరు_ఎక్స్‌ప్రెస్
లాడ్జి అన్నా, మీరు పెట్టేస్తారు, సరే. కానీ సమస్య తెలియకుండా రేటు చెప్తే, ఆ అంకె పట్టుకుని ఇంకో నలుగురి దగ్గర బేరమాడరా? నిజం చెప్పండి.

లాడ్జి_కౌంటర్
ఆడతాను. చెప్పకపోయినా ఆడతాను.

గాజులమండ్యం_గేటు
రేటు దగ్గర నాది మధ్యేమార్గం. అడిగితే పరిధి చెప్పేస్తాను. "40 వేలతో అయిపోయినవీ ఉన్నాయి, 3 లక్షలు దాటినవీ ఉన్నాయి సార్. మీది ఏ వైపు వస్తుందో మీ యార్డు గురించి విన్నాక ఈ కాల్‌లోనే చెప్తాను" అంటాను. చెప్తానన్నాక కాల్ అయ్యేలోపు చెప్పి తీరాలి. లేకపోతే మాట తప్పినట్టే. అయితే మొదటి కాల్‌లో అసలు అంకె అనకూడదనే వాళ్లలో నాకంటే బాగా అమ్మేవాళ్లూ ఉన్నారు. దీని మీద కొట్టుకోవడం అనవసరం.

తమ్ముడూ, నీ జాబితాలో "నిర్ణయం తీసుకునేది మీరేనా?" అన్నది ఉంటే కొట్టెయ్. కాదు అనడానికి ఎవరికీ మనసొప్పదు, నేనే అంటారు. "మీ యార్డులో కెమెరాలు కొన్నారు కదా, అప్పుడు ఎవరెవరు చూశారు, ఎన్నాళ్లు పట్టింది?" అని అడుగు. పేర్లన్నీ వాటంతటవే వస్తాయి. నేను చెప్పిన ఆ ఫ్యాక్టరీలో ఓనర్ గారి అల్లుడు పేరు అలాగే బయటికొచ్చింది. అప్పటిదాకా ఆయన ఉన్నాడనే తెలీదు.

మిట్టూరు_మామ
ఇంత విన్నాక ఒకటి అడుగుతా. కొనేవాడు చెప్పి ఆపగానే మనం మౌనంగా ఉండాలి, అప్పుడు ఇంకా చెప్తారు అంటారే, అది పని చేస్తుందా? నేను మొన్న ప్రయత్నిస్తే అవతల ఆయన "హలో, హలో, లైన్లో ఉన్నారా? ఈ సిగ్నల్..." అని కట్ చేసి మళ్లీ చేశాడు.

గాజులమండ్యం_గేటు
మామా, ఎదురుగా కూర్చుంటే మౌనం పని చేస్తుంది, ఫోన్‌లో మనవాళ్ల దగ్గర చేయదు. మన ఫోన్ మాటలకు "ఊఁ" కొట్టాలి. "ఊఁ... ఊఁ... ఆ తర్వాత?" అంటే చాలు. లేదా ఆయన చివర అన్న రెండు మాటలు తిరిగి అనండి. "ఓనర్ ఎత్తలేదు" అని ఆపితే "ఎత్తలేదు...?" అనండి. మిగతాది ఆయనే చెప్తాడు.

పుత్తూరు_అక్క
బాబూ, పెద్దాయన కథ బాగుంది కదా అని మంగళవారం ఆ తరుగు గొడవను జేబులో పెట్టుకుని పోవద్దు. "మీకూ తరుగు దగ్గర గొడవలవుతాయా సార్?" అని అడిగితే ఏ మేనేజరైనా "ఆఁ, అవుతుంటాయి లెండి" అంటాడు. గొడవ లేని ఫ్యాక్టరీ ఏది? ఆ "ఆఁ"ను నువ్వు సమస్య అని రాసుకుంటావు. మర్యాదకు అన్న ఆఁ వేరు, నిజమైన ఆఁ వేరు. నిజమైనదైతే వెనకే ఒక రోజు, ఒక మనిషి, ఒక అంకె ఏదో ఒకటి వస్తుంది. ఏదీ రాకపోతే కొట్టేసి ముందుకు పో.

బంగారుపాళెం_రైతు
నేను అమ్మేవాడినీ కాదు, కొనేవాడినీ కాదు. తోట ఉంది, తోతాపురి. నాకు తెలిసిన ఒక ఫ్యాక్టరీకి కాయ తోలి, డబ్బుల కోసం నెలల తరబడి తిరిగాను. ఆఫీసుకు పోతే "చీటీ కనబడలేదు, రేపు రా" అంటారు. మీరంతా గేటు, కాటా అంటున్నారు. మా ఇబ్బంది కాటా దాటాక మొదలవుతుంది. ఇదీ అడగండి.

పలమనేరు_ఎక్స్‌ప్రెస్
పెద్దాయనా, అది ఫ్యాక్టరీ దగ్గర డబ్బు లేకపోవడం. సాఫ్ట్‌వేర్‌తో తీరేది కాదు.

బంగారుపాళెం_రైతు
డబ్బు లేకపోతే లేదని చెప్పొచ్చు కదప్పా. చీటీ కనబడలేదని చెప్పడమెందుకు?

*(మంగళవారం సాయంత్రం)*

తిరుచానూరు_తమ్ముడు
కాల్ అయింది. అరగంట అనుకున్నది 45 నిమిషాలు నడిచింది. 24 ప్రశ్నలు పక్కన పెట్టి నాలుగు పెట్టుకున్నాను. జరిగింది రాస్తా, చూడండి.

రేటు మొదటి నిమిషంలోనే అడిగారు. పరిధి చెప్పాను, ఊరుకున్నారు. తర్వాత "టోకెన్ యాప్ కావాలని అనిపించిన రోజు ఏం జరిగింది సార్?" అన్నాను. లారీల లైను గురించి చెప్తారనుకున్నాను. ఆయనేమో ఆగస్టులో ఒక పొద్దున ఆఫీసు వరండాలో నలభై మంది రైతులు కూర్చున్నారని చెప్పారు. గేటు దగ్గర కాదు, ఆఫీసులో! బిల్లుల కోసం వచ్చినవాళ్లు. వాళ్లను వరసలో పంపడానికి టోకెన్ ఉంటే బాగుండునని ఆరోజు ఓనర్ అన్నారట. అది చేతులు మారి మా దగ్గరికి వచ్చేసరికి లారీల టోకెన్ అయిపోయింది.

"ఆ నలభై మందిలో ఒకరి లోడు తీసుకుందాం సార్, కాటా నుంచి బిల్లు దాకా ఎలా వచ్చింది?" అన్నాను. కాటా చీటీ కంప్యూటర్‌ది. తరుగు మాత్రం సూపర్‌వైజర్ ఆ చీటీ వెనక పెన్నుతో రాస్తాడు. చీటీ రైతు దగ్గరే ఉంటుంది. రైతు దాన్ని అకౌంటెంట్‌కు ఇస్తే ఆయన చేత్తో రిజిస్టర్‌లో ఎక్కిస్తారు. వానలో తడిసినవి, పోయినవి, అంకె చెరిగినవి పక్కకు పెడతారు. సూపర్‌వైజర్ వచ్చి "అవును, నేనే వేశాను" అనేదాకా ఆ బిల్లు కదలదు. సీజన్ అయ్యాక ఆ సూపర్‌వైజర్ వాళ్ల ఊరు వెళ్లిపోయాడు.

చివర నాకు అర్థమైంది చదివి వినిపించాను. "టోకెన్ యాప్ కంటే తరుగు అంకె కాటా దగ్గరే కంప్యూటర్‌లో ఎక్కడం మీకు ముందు కావాలి అనిపిస్తోంది, తప్పా?" అంటే, "తప్పు కాదు గానీ, పక్కకు పెట్టినవి ఎన్నో నాకు తెలీదు, మా అకౌంటెంట్‌కు తెలుసు" అన్నారు. 40 వేల వైపే వస్తుందని కూడా చెప్పాను.

పుత్తూరు_అక్క
బాగా రాబట్టావు. కానీ ఒకటి తేలలేదు. ఆ నలభై మందిలో చీటీ లేక ఆగినవాళ్లెందరు, చీటీ ఉండీ డబ్బు రాక ఆగినవాళ్లెందరు? రెండో రకమే ఎక్కువైతే పలమనేరు అబ్బాయి మాటే నిజం. నీ సాఫ్ట్‌వేర్ వచ్చాక కూడా వరండా నిండుగానే ఉంటుంది, "పెట్టినా లాభం లేదు" అన్న పేరు నీకొస్తుంది.

పలమనేరు_ఎక్స్‌ప్రెస్
అది ఏ అకౌంటెంటూ ఫోన్‌లో చెప్పడు అక్కా. కంపెనీ దగ్గర డబ్బు ఆడటం లేదని బయటివాడికి ఎవరు చెప్తారు?

గాజులమండ్యం_గేటు
నేరుగా అడిగితే చెప్పడు. పక్కకు పెట్టిన చీటీల కట్ట ముందు పెట్టుకుని కూర్చోమను. "ఇందులో పైన ఉన్నది తీయండి, ఇది ఏ తేదీది, దేనికి ఆగింది?" అని ఒక ఐదారు అడుగు. కట్ట చిన్నదై, వరండాలో జనం ఎక్కువైతే జవాబు నీకే తెలిసిపోతుంది. ఆయన నోటితో చెప్పాల్సిన పని లేదు. ఎప్పుడు పెట్టుకున్నావు?

తిరుచానూరు_తమ్ముడు
గురువారం మూడింటికి అకౌంటెంట్‌తో. మేనేజర్ గారు కూడా కూర్చుంటానన్నారు.

పుత్తూరు_అక్క
మేనేజర్ ఉంటే అకౌంటెంట్ నోరు విప్పడు బాబూ. ఫోన్ వద్దు, చిత్తూరు బస్సెక్కి నేరుగా వెళ్లు. మేనేజర్ యార్డులోకి పోయినప్పుడు కట్ట చూడు.

లాడ్జి_కౌంటర్
వెళ్తే ఆ వరండా ఫొటో తీసుకురా. అంతమందిని కూర్చోబెట్టడానికి వాళ్లు ఏ కుర్చీలు వాడుతున్నారో నాకు కావాలి, మా రిసెప్షన్‌లోవి నెలకు రెండు విరుగుతున్నాయి.